మొదటిసారి టీమ్ లీడ్‌గా చేసిన తప్పుల మీద లింక్డ్‌ఇన్ పోస్టు రాశాను, పెట్టే ముందు ఒకసారి చూడండి

మియాపూర్_వాసి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. అమెరికా క్లయింట్‌కి పేమెంట్స్ రీకన్సిలియేషన్ చూస్తాం, అంటే బ్యాంకు పంపిన ఫైలుకీ మన దగ్గరున్న లెక్కకీ తేడా పట్టుకునే పని. నేను కాక ఆరుగురు. లీడ్ అయ్యాక మొదటి ఏడాది ఎలా గడిచిందో లింక్డ్‌ఇన్‌లో రాద్దామని కూర్చున్నాను. కొత్తగా లీడ్ అవుతున్నవాళ్లకి పనికొస్తుందని నా ఆశ. చిత్తుప్రతి కింద పెడుతున్నాను. ఎక్కడ తేలిపోయిందో, ఏం తీసేయాలో మొహమాటం లేకుండా చెప్పండి.

> టీమ్‌లో అందరికంటే బాగా కోడ్ రాస్తాడని నన్ను లీడ్ చేశారు. లీడ్ అయ్యాక నేను చేసింది కూడా అదే, ఇంకా ఎక్కువ కోడ్ రాయడం. ఏ పుల్ రిక్వెస్టయినా నా అప్రూవల్ లేకుండా మెర్జ్ కాకూడదని సెట్టింగ్ పెట్టాను. పగలంతా మీటింగులు, సాయంత్రం నుంచి క్లయింట్ కాల్స్. రివ్యూలకి కూర్చునేసరికి రాత్రి పదకొండు.
>
> రెండేళ్ల అనుభవం ఉన్న ఒక అమ్మాయి సెటిల్‌మెంట్ ఫైల్ చదివే మాడ్యూల్ రాసింది. నాలుగు రోజులు నా దగ్గరే ఆగిపోయింది. శుక్రవారం రాత్రి తెరిచి చూస్తే నాకు నచ్చలేదు. కామెంట్లు రాసే ఓపిక లేక, ఆమె బ్రాంచిలోనే మొత్తం తిరగరాసి మెర్జ్ చేసేశాను. సోమవారం ఆమె ఏమీ అనలేదు. సాయం చేశాననే అనుకున్నాను. తర్వాత అప్రైజల్‌లో యావరేజ్ రేటింగ్ ఇచ్చి, ‘స్వతంత్రంగా పని పూర్తి చేయడం లేదు’ అని రాశాను. నెల తిరక్కుండా పేపర్లు పెట్టేసింది.
>
> నేను నేర్చుకున్నవి: టీమ్‌ని నమ్మాలి. పని పంచాలి. ఎక్కువగా వినాలి.

---

వరంగల్_పోరడు

అన్నా, మంచిగ రాసినవ్. కానీ దీనికి మందు ఒక్కటే. లీడ్ అయినంక కోడ్ ముట్టొద్దు. రివ్యూ అప్రూవల్ తీసెయ్, పోరగాళ్లు ఒకరిది ఒకరు చూస్కుంటరు. నేను గట్లనే చేసిన, రెండు వారాలల్ల నా పొద్దంతా ఖాళీ అయింది. పోస్టుల గదే రాయి, నలుగురికి పనికొస్తది.

---

రాత్రి_షిఫ్ట్

నేను మీ టీమ్‌లో ఆ అమ్మాయి ఉన్న చోట ఉన్నవాడిని, వేరే కంపెనీలో. అందుకే ఆ సోమవారం గురించి చెప్పాలనిపించింది. మీ పోస్టులో అది ఒక్క వాక్యంలో అయిపోయింది.

ఆఫీసుకి వచ్చి లాప్‌టాప్ తెరిస్తే పుల్ రిక్వెస్ట్ మెర్జ్ అయినట్టు కనిపిస్తుంది. ముందు సంతోషంగా ఉంటుంది. లోపలికి వెళ్లి చూస్తే మనం రాసిన ఫంక్షన్ పేర్లు కూడా ఉండవు. కామెంట్ ఒక్కటీ లేదు, కాబట్టి ఏది తప్పో తెలీదు. స్టాండప్‌లో ‘సెటిల్‌మెంట్ ఫైల్ అయిపోయింది’ అని చెప్పాలి, చెప్తుంటే నోరు రాదు. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. ఆ మాడ్యూల్‌లో బగ్ వస్తే టికెట్ వచ్చేది నా పేరు మీదే, ఎందుకంటే జిరాలో ఆ స్టోరీ నాది. కోడ్ నాది కాదు. రాసినవాళ్లని అడిగితే కాల్‌లో ఉంటారు. రెండుసార్లు అలా జరిగాక మనిషి పూర్తిగా రాయడం మానేస్తాడు, ఎలాగూ మారుస్తారు కదా అని సగం చేసి పెడతాడు. అప్పుడు లీడ్‌కి ‘స్వతంత్రంగా పూర్తి చేయడం లేదు’ అని కనిపిస్తుంది.

మీరు ఆ రేటింగ్‌లో రాసిన మాట అబద్ధం కాదు సార్. కానీ ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో పోస్టులో లేదు.

---

మియాపూర్_వాసి

@రాత్రి_షిఫ్ట్ థాంక్స్. ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆమె ఆ తర్వాత పంపిన పుల్ రిక్వెస్టులు నిజంగానే సగం సగంగా ఉండేవి. దాన్ని ఆసక్తి తగ్గడం అనుకున్నాను.

---

కొత్త_బాట

అన్నా నాకూ లీడ్ ఆఫర్ వచ్చింది, జీతం పదిహేను శాతం పెంచుతామంటున్నారు. మీ అనుభవం చూస్తే వద్దనుకోవడమే మంచిదా? టెక్నికల్ ట్రాక్‌లో ఉండిపోతే తర్వాత ఇబ్బంది అవుతుందా?

---

తెల్లకలువ

@కొత్త_బాట ఆయన లీడ్ అవ్వొద్దని చెప్పడం లేదు నాయనా, పోస్టు సరిచూడమంటున్నారు. నీ ప్రశ్నకి వేరే థ్రెడ్ తెరువు, అక్కడ తప్పకుండా రాస్తాను.

@మియాపూర్_వాసి గారూ, నేను చాలా ఏళ్లు డెలివరీ మేనేజర్‌గా చేసి ఇప్పుడు ఇంటి దగ్గర ఉంటున్నాను. మీ చివరి మూడు వాక్యాలు తీసేయండి. ‘టీమ్‌ని నమ్మాలి’ అన్నదాంట్లో చదివేవాడు రేపు చేయడానికి ఏమీ లేదు. మీకు నమ్మకం లేక ఇదంతా జరగలేదు. వచ్చే పని ఎంత, మీరు చూడగలిగేది ఎంత అన్న లెక్క తప్పింది. కాస్త కూర్చుని ఆ లెక్క వేద్దాం.

ఆరుగురి మధ్య రోజుకి ఎన్ని పుల్ రిక్వెస్టులు వచ్చేవి? ఒక్కోటి సరిగ్గా చూడటానికి మీకు ఎంతసేపు పట్టేది? రాత్రి నిజంగా ఎంతసేపు కూర్చునేవారు?

---

మియాపూర్_వాసి

సుమారుగా చెప్తాను మేడమ్. రోజుకి మూడు వచ్చేవి. డబ్బు లెక్కలు కాబట్టి ఒక్కోటి నలభై నిమిషాలు. రాత్రి గంట కూర్చునేవాణ్ణి, కొన్ని రోజులు అదీ కుదిరేది కాదు.

---

తెల్లకలువ

అంటే రోజూ రెండు గంటల పని వస్తోంది, మీరు పెడుతున్నది గంట. మూడు వస్తే ఒకటిన్నర బయటికి వెళ్తోంది, మిగతా ఒకటిన్నర అక్కడే ఆగుతోంది. పది పనిదినాలకి పదిహేను పేరుకుంటాయి. మీరెంత మంచివారయినా, వాళ్లెంత తెలివైనవారయినా ఈ లెక్క మారదు.

పేరుకున్నాక ఏమవుతుందో చూడండి. క్యూలో సగటున పన్నెండు ఉండి రోజుకి ఒకటిన్నర మాత్రమే బయటపడుతుంటే, కొత్తగా వచ్చేది పన్నెండుని ఒకటిన్నరతో భాగిస్తే ఎంతో అన్ని రోజులు ఆగాలి. ఎనిమిది పనిదినాలు. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో దీన్ని గణితంగా నిరూపించారు. బ్యాంకు కౌంటర్‌కైనా, రేషన్ షాపుకైనా, మీ రాత్రి పదకొండు గంటల రివ్యూకైనా అదే సూత్రం. ఆ అమ్మాయిది నాలుగు రోజులు ఆగిందంటే అది చెడ్డ రోజు కూడా కాదు, మీ టీమ్‌లో మామూలు రోజు.

ఇప్పుడు అసలు సంగతి. క్యూ పొడవుగా ఉందని తెలిశాక టీమ్ దానికి తగ్గట్టు మారిపోతుంది. ఎలాగూ వారం పడుతుందని చిన్న చిన్న మార్పులు పంపడం మానేసి, మూడు పనులు కలిపి ఒకే పెద్ద పుల్ రిక్వెస్ట్ పెడతారు. ఎనిమిది వందల లైన్లు అలసిపోయిన కళ్లతో చూస్తే మీకు నచ్చదు, అందులో ఏది సరిచేయమని చెప్పాలో తోచదు, మీరే రాసేస్తే సులువనిపిస్తుంది. ఆ శుక్రవారం రాత్రి మీరు తిరగరాయడం మొదలుపెట్టిన క్షణానికి చాలా రోజుల ముందే పని ఆ దారి పట్టింది. ఆ మాడ్యూల్ ఎన్ని లైన్లో గుర్తుందా?

---

మియాపూర్_వాసి

తొమ్మిది వందల పైనే. ఫైల్ చదవడం, వరుసలు సరిచూడటం, తప్పు వరుసల్ని పక్కన పెట్టడం అన్నీ ఒకే దాంట్లో పెట్టింది. అప్పట్లో ఆమెకి పని విడగొట్టడం రాదనుకున్నాను.

---

రాత్రి_షిఫ్ట్

మూడు ముక్కలుగా పంపితే ఒక్కో ముక్కకి మళ్లీ ఎనిమిది రోజులు. రెండో ముక్క మొదటిదాని మీద ఆధారపడుతుంది. మొదటిది మెర్జ్ కాకపోతే బ్రాంచి మీద బ్రాంచి వేసుకుంటూ పోవాలి, చివర్లో కాన్‌ఫ్లిక్టులు తీయడానికే ఒక పూట పోతుంది. మేమందరం అందుకే ఒకేసారి పెడతాం.

---

వరంగల్_పోరడు

గదే కద నేను చెప్పింది. అప్రూవల్ తీసేస్తే క్యూనే ఉండదు.

---

తెల్లకలువ

@వరంగల్_పోరడు తమ్ముడూ, నువ్వు చెప్పింది సగం నిజం. క్యూ పోతుంది. కానీ పేమెంట్స్‌లో ఎవరో పైసల్ని రౌండ్ చేసే చోట చిన్న తప్పు చేసి, ఇంకొకరు రెండు నిమిషాల్లో ‘బాగుంది’ అని కొట్టేస్తే, అది నెలాఖరు లెక్కలో గానీ బయటపడదు. అప్పటికి ఎన్ని వేల లావాదేవీలు ఆ దారిన పోయి ఉంటాయో చూసుకో. స్నేహితులు ఇద్దరుంటే ఒకరికొకరు చూడకుండా ఒప్పేసుకోవడం నేను చాలా టీమ్‌ల్లో చూశాను. ఆరు వందల లైన్లకి కామెంట్ ఒక్కటీ లేకుండా మూడు నిమిషాల్లో అప్రూవల్ వచ్చిందంటే అది రివ్యూ కాదు.

ఏది లీడ్ చూడాలి, ఏది అక్కర్లేదు అని విడదీయాలి. గిట్‌హబ్‌లో దీనికి ఒక ఫైలు ఉంది, .github/CODEOWNERS అని. మీ సెట్టింగ్ బహుశా ఇలా ఉండి ఉంటుంది:

```
*   @lead
```

దీన్ని ఇలా మార్చొచ్చు:

```
*                @org/backend
/settlement/     @lead @senior-dev
/db/migrations/  @lead @senior-dev
```

మొదటి వరుస ప్రకారం మామూలు మార్పులు టీమ్‌లో ఎవరైనా చూస్తారు. డబ్బు లెక్క మారే ఫోల్డరూ, డేటాబేస్ నిర్మాణం మారే ఫోల్డరూ మాత్రం మీకో, ఇంకో సీనియర్‌కో వస్తాయి. ఒకే వరుసలో ఇద్దరి పేర్లుంటే ఒకరు ఒప్పుకుంటే చాలు, ఇద్దరూ ఆగక్కర్లేదు. వరుసల క్రమం మాత్రం జాగ్రత్త. ఒక ఫైలుకి రెండు వరుసలు సరిపోతే గిట్‌హబ్ చివరిదాన్నే తీసుకుంటుంది. నక్షత్రం ఉన్న వరుసని కింద పెడితే పైన రాసినవన్నీ వృథా. బ్రాంచి రక్షణ సెట్టింగ్‌లో కోడ్ ఓనర్ల రివ్యూ తప్పనిసరి అని టిక్ పెట్టకపోతే, ఈ ఫైలు రివ్యూ అడుగుతుందే తప్ప ఎవరినీ ఆపదు.

ఇలా చేసినందువల్ల మీ దగ్గరికి రోజుకి మూడు బదులు ఒకటి వస్తే నలభై నిమిషాలు. మీ గంటలో పడుతుంది.

---

గుంటూరు_సిస్టర్

నేను సాఫ్ట్‌వేర్ కాదండీ, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డ్ ఇన్‌ఛార్జ్‌ని. మా తమ్ముడు ఈ థ్రెడ్ పంపించాడు. కోడ్ సంగతి నాకు అర్థం కాలేదు గానీ మిగతాదంతా మా వార్డే.

ఇన్‌ఛార్జ్ చేసిన కొత్తలో కాన్యులా వేయడం నాకు బాగా వచ్చని అందరివీ నేనే వేసేదాన్ని. కొత్తగా చేరిన పిల్లలు ట్రే పట్టుకుని నిలబడేవాళ్లు. నేను సెలవు పెట్టిన రాత్రి, నరం దొరకని ముసలాయన ఒకాయన వస్తే ఎవరికీ చేయి ఆడలేదు, పై అంతస్తు నుంచి వేరే సిస్టర్‌ని పిలిపించుకున్నారు. మర్నాడు మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ నన్ను ఏమీ అనలేదు, ఒక పద్ధతి చెప్పారు. మొదట కొత్తమ్మాయే వేయాలి. రెండుసార్లు ప్రయత్నించి దొరక్కపోతే ఆపేసి సీనియర్‌ని పిలవాలి, మూడోసారి పొడవకూడదు. పసిపిల్లలకీ, షాక్‌లో ఉన్నవాళ్లకీ మొదటినుంచీ సీనియరే. నేను పక్కన నిలబడాలి, చేయి పెట్టకూడదు.

ఆ చేయి పెట్టకుండా నిలబడటమే నాకు అన్నిటికంటే కష్టమయింది. పక్కన ఉండి నోటితో చెప్పడానికి వేసేదానికంటే ఎక్కువసేపు పడుతుంది. ఆ టైమ్ ఎక్కణ్ణుంచి తేవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

---

తెల్లకలువ

@గుంటూరు_సిస్టర్ అమ్మా, మేము ఇన్ని లైన్లలో చెప్పింది మీరు నాలుగు వాక్యాల్లో చెప్పారు. టైమ్ గురించి మీరన్నది నిజం. నేర్పే మొదటి వారాల్లో పని నెమ్మదిస్తుంది. లీడ్ ఆ సంగతి పైవాళ్లకి ముందే చెప్పి తేదీ జరిపించుకోవాలి. చాలామంది కొత్త లీడ్‌లు అది అడగరు, అడిగితే చేతకాదనుకుంటారని భయం. అందుకే మళ్లీ రాత్రి పదకొండుకి తామే కూర్చుంటారు.

---

డల్లాస్_మామయ్య

నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. పోస్టు బాగుంటుందా లేదా అన్నది తర్వాత, దీన్ని ఇలాగే పెడితే మీకూ ఆ అమ్మాయికీ ఇబ్బంది.

మీ ప్రొఫైల్‌లో కంపెనీ పేరు ఉంటుంది, ఎప్పుడు లీడ్ అయ్యారో ఉంటుంది. ఆరుగురి టీమ్, రెండేళ్ల అనుభవం, అమ్మాయి, సెటిల్‌మెంట్ మాడ్యూల్, రాజీనామా. మీ ఆఫీసులో ఎవరికైనా ఆమె ఎవరో తెలియడానికి పేరు అక్కర్లేదు. ఆమె కొత్త మేనేజర్ కూడా మీ ఇద్దరికీ ఉమ్మడి కనెక్షన్ అయి ఉండొచ్చు, లైక్ కొట్టిన ఎవరివల్లనో ఆయన ఫీడ్‌లోకి వస్తుంది. అందులో యావరేజ్ రేటింగ్ అని ఉంది. రేటింగ్ ఆమెకీ కంపెనీకీ మధ్య ఉన్న విషయం, దాన్ని మీరు బయటపెట్టకూడదు. మీ హెచ్‌ఆర్ వాళ్లు చూస్తే మిమ్మల్నే పిలుస్తారు. క్లయింట్ వాళ్లు చూస్తే, మా డబ్బు లెక్కల కోడ్ ఒక్కడు రాత్రి పదకొండుకి చూశాడా అని అడుగుతారు. నేను ఇక్కడ క్లయింట్ వైపే పనిచేస్తాను, మేం తప్పకుండా అడుగుతాం.

ఇంకో చిన్న సంగతి. ఫీడ్‌లో మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. పోస్టు మొత్తానికి హద్దు 3000 అక్షరాలు. మీరు ‘బాగా కోడ్ రాస్తాడని నన్ను లీడ్ చేశారు’ అని మొదలుపెట్టారు. నొక్కనివాళ్లు చదివేది అదొక్కటే.

---

మియాపూర్_వాసి

రేటింగ్ సంగతి నాకు తట్టనే లేదు మామయ్యా. తీసేస్తాను. ఆమెకి ముందే పంపి, పెట్టమంటావా అని అడిగితే?

---

తెల్లకలువ

అడగడం మర్యాద. ఆమె కథ మీరు చెప్తున్నప్పుడు ఆమెకి తెలియాలి.

---

రాత్రి_షిఫ్ట్

మేడమ్, ఇక్కడ మీతో ఒప్పుకోలేకపోతున్నాను. ఆమె ‘వద్దు’ అని ఎలా అంటుంది? కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి పాత మేనేజర్‌కే ఫోన్ చేస్తారు. రేపు ఇంకో కంపెనీకి మారినా మళ్లీ ఈయన పేరే రాయాలి. అడిగితే ‘పర్లేదు సార్, పెట్టండి’ అంటుంది. అది ఒప్పుకోవడం కాదు. ఆమెకి అది చదవాల్సిన బరువు, దాని మీద మంచి మాట చెప్పాల్సిన బరువు రెండూ పడతాయి. ఆమెని కథలోంచి పూర్తిగా తీసేస్తే అడగాల్సిన పనే ఉండదు.

---

తెల్లకలువ

అధికారం విషయంలో నువ్వన్నది ఒప్పుకుంటాను. కానీ ఆమెని పూర్తిగా తీసేస్తే, తిరగరాసిన ఆ రాత్రి కూడా పోతుంది. అది లేకపోతే పోస్టులో నిజం ఏం మిగిలింది? ‘ఒకసారి ఒక సహోద్యోగి కోడ్‌ని’ అని రాసి, అనుభవం, మాడ్యూల్, రాజీనామా తీసేస్తే సరిపోతుందని నా ఉద్దేశం. అప్పుడు కూడా ఒక మాట చెప్పి పెట్టడమే నయం.

---

డల్లాస్_మామయ్య

నేను రాత్రి_షిఫ్ట్ వైపే. ఆమెకి చెప్పాల్సింది ఏదైనా ఉంటే పోస్టుతో ముడిపెట్టకుండా విడిగా చెప్పాలి. రెండూ కలిస్తే క్షమాపణ కూడా ప్రచారంలా వినిపిస్తుంది.

---

వరంగల్_పోరడు

నాకొక డౌట్ ఉంది. అప్రైజల్‌ల ఆమెకి యావరేజ్ ఇచ్చిన్రు అన్నరు. మా దగ్గర బెల్ కర్వ్ ఉంటది, ఆరుగురిల ఒకలకి తక్కువ ఇయ్యాల్సిందే. లీడ్ చేతుల ఏమున్నది? అది తప్పుల లిస్టుల ఎందుకు?

---

తెల్లకలువ

రేటింగ్ ఏదివ్వాలన్నది కొన్నిచోట్ల నిజంగానే లీడ్ చేతిలో ఉండదు తమ్ముడూ. కానీ ‘స్వతంత్రంగా పూర్తి చేయడం లేదు’ అన్న వాక్యం ఆయనే రాశారు. ఆ మాట ఆమె మొదటిసారి విన్నది అప్రైజల్ మీటింగ్‌లో. తప్పు అక్కడుంది. ఏడాది పొడుగునా వినని మాట ఆ గదిలో వినిపించకూడదు.

మియాపూర్ గారూ, మీ ప్రతి రివ్యూలోనూ ఆమెకి చెప్పే అవకాశం ఉంది. కామెంట్లు రాసే ఓపిక లేదన్నారు కదా, దానికి చిన్న ఉపాయం ఉంది. చాలా టీమ్‌లు వాడే పద్ధతే. కేవలం మీ అభిరుచి అయిన కామెంట్ ముందు `nit:` అని రాస్తారు. అంటే మార్చినా సరే, మార్చకపోయినా సరే, మెర్జ్ ఆగదు. ఆ గుర్తు లేని కామెంట్ మాత్రం మార్చాల్సిందే. ఆ తొమ్మిది వందల లైన్లని ఇప్పుడు మళ్లీ చూస్తే, నిజంగా తప్పయినవి ఎన్ని, మీకు నచ్చనివి ఎన్ని?

---

మియాపూర్_వాసి

ఇప్పుడే పాత బ్రాంచి తెరిచి చూశాను. కచ్చితంగా మార్చాల్సింది ఒక్కటే ఉంది మేడమ్. బ్యాంకు ఫైలు చివర అన్నిటి మొత్తం చూపించే వరుసని కూడా మామూలు లావాదేవీలా చదివేస్తోంది, అందువల్ల మొత్తం రెట్టింపవుతుంది. అది రెండు లైన్ల మార్పు. మిగతావి ఫంక్షన్ పేర్లు, లూపు రాసిన తీరు, లాగ్ మెసేజ్‌లు. నేను రాసే తీరు వేరు, అంతే.

---

రాత్రి_షిఫ్ట్

ఆ ఒక్క కామెంట్ రాసి ఉంటే ఆమె జీవితాంతం ఏ బ్యాంకు ఫైలు చూసినా ముందు చివరి వరుస చూసేది.

---

గుంటూరు_సిస్టర్

పోస్టులో ఆ చివరి వరుస సంగతి రాయండి బాబూ. అదొక్కటి నాకు కూడా అర్థమయింది.

---

మియాపూర్_వాసి

మీరందరూ చెప్పినదాన్ని బట్టి తిరగరాశాను. ఆమె అనుభవం, రేటింగ్, రాజీనామా, క్లయింట్ మాట అన్నీ తీసేశాను. మొదలు ఇలా పెట్టాను:

> రోజుకి రెండు గంటల రివ్యూ పని వచ్చేది, నేను పెట్టగలిగింది గంట. దాన్ని ఆర్నెల్లు గమనించలేదు. టీమ్ నెమ్మదిగా ఉందనుకున్నాను.
>
> అన్ని మార్పులూ నా అప్రూవల్ మీద ఆగేలా పెట్టుకున్నాను. క్యూ పెరిగేకొద్దీ అందరూ చిన్న మార్పులు మానేసి పెద్దవి పంపారు. పెద్దవి చూడలేక ఒక రాత్రి ఒక సహోద్యోగి కోడ్ మొత్తం నేనే తిరగరాశాను. అందులో నిజంగా తప్పు రెండు లైన్లు. మిగతాదంతా నా అభిరుచి. నేను రాయాల్సింది ఒక కామెంట్.
>
> ఇప్పుడు డబ్బు లెక్క మారే ఫోల్డర్లూ, డేటాబేస్ మార్పులూ మాత్రమే నా దగ్గరికో, ఇంకో సీనియర్ దగ్గరికో వస్తాయి. రోజూ పొద్దున స్టాండప్‌కి ముందు ఈ వెతుకులాట తెరుస్తాను: `is:open is:pr review:required sort:created-asc`. అన్నిటికంటే పాతది పైన ఉంటుంది. అది నిన్నటికంటే ముందుదయితే ఆ రోజు మొదటి పని అదే.

---

తెల్లకలువ

ఇది పెట్టండి. ఒక్కటి కలపండి. మెర్జ్ అవడానికి ఎంతసేపు పట్టింది అన్నదొక్కటే చూసుకోకండి, పుల్ రిక్వెస్ట్ తెరిచాక మొదటి కామెంట్ రావడానికి ఎంతసేపు పట్టిందో కూడా చూసుకోండి. రాసినవాళ్లు కాచుకుని కూర్చునేది ఆ మొదటి మాట కోసమే. గూగుల్ బయటపెట్టిన కోడ్ రివ్యూ మార్గదర్శకాల్లో కూడా, రివ్యూ అడిగితే స్పందించడానికి గరిష్ఠం ఒక పనిదినం అని ఉంది. అప్పటికప్పుడు మొత్తం చూడలేకపోతే ‘మధ్యాహ్నం మూడింటికి చూస్తాను’ అని రాసినా ఆ మనిషి వేరే పని మొదలుపెట్టుకోగలడు.

---

వరంగల్_పోరడు

అక్కా, మా టీమ్‌ల గూడ పొద్దున చూసిన. పోయిన నెల మెర్జ్ అయినవి తీస్తే, సగానికి ఎక్కువ వాటికి ఒక్క కామెంట్ లేదు. ఇద్దరే ఇద్దరు ఒకరిది ఒకరు కొట్టుకుంటున్నరు. నా పొద్దు ఖాళీ అయింది నిజమే, కానీ ఎవలూ చూస్తలేరు. ఏ ఫోల్డర్లు నాకు రావాల్నో ఎట్ల తేల్చుకోవాలె? మాది పేమెంట్స్ కాదు, ఈ-కామర్స్ సెర్చ్.

---

తెల్లకలువ

పోయిన ఏడాది ప్రొడక్షన్‌లో వచ్చిన ఇబ్బందుల టికెట్లు తీసి, ఒక్కోటి ఏ ఫోల్డర్‌లో మార్పు వల్ల వచ్చిందో పక్కన రాసుకో. రెండు మూడు ఫోల్డర్ల పేర్లే మళ్లీ మళ్లీ వస్తాయి. వాటితో మొదలుపెట్టు. ఆ ఇద్దరి సంగతి వేరు, వాళ్లతో విడివిడిగా మాట్లాడాలి. ఫైలుతో అయ్యేది కాదు.

---

రాత్రి_షిఫ్ట్

@మియాపూర్_వాసి సార్, ఆమెకి పోస్టు సంగతి చెప్తున్నారా, లేదా?

---

మియాపూర్_వాసి

పోస్టు సంగతి చెప్పను, మీరు చెప్పిన కారణానికే. కానీ ఆ రివ్యూలో అప్పుడు రాయాల్సిన కామెంట్ ఇప్పుడు ఆమెకి మెయిల్‌లో రాస్తున్నాను. చివరి వరుస సంగతి, మిగతా కోడ్ బాగుందన్న సంగతి, అప్రైజల్‌లో రాసిన వాక్యం సరికాదన్న సంగతి. జవాబు అక్కర్లేదని కూడా రాశాను. తెల్లకలువ మేడమ్ దీనికి ఒప్పుకోరేమో.

---

తెల్లకలువ

మెయిల్‌కి ఒప్పుకుంటాను. పోస్టు సంగతి దాచడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. రేపు ఎవరో ఆమెకి స్క్రీన్‌షాట్ పంపితే, ఆ మెయిల్‌ని ఆమె ఇంకోలా చదువుకుంటుంది. మెయిల్ ఇవాళ పంపి, పోస్టు కొన్నాళ్లు ఆపండి.